ముందు సీటు... ఆ తర్వాతే పాయింట్లు!

కూకట్‌పల్లిలో మా ఎదురింటి మాస్టారి భార్యకు మోకాళ్ల నొప్పులు. కొడుకు న్యూజెర్సీలో ఉద్యోగం. మొదటిసారి మనవరాలిని చూడ్డానికి ఎకానమీలో వెళ్లినప్పుడు, దిగాక వారం రోజుల దాకా ఆవిడ కాళ్ల వాపు తగ్గలేదట. ‘ఇంక నావల్ల కాదు నాన్నా, మీరే రండి’ అని ఫోన్లో తేల్చి చెప్పేశారు. అయినా 2024 అక్టోబరులో ఇద్దరూ మళ్లీ వెళ్లారు. ఈసారి బిజినెస్ క్లాసులో, కాళ్లు చాపుకుని, పడుకుని!

లాటరీ ఏమీ తగల్లేదు. కొడుకు క్రెడిట్ కార్డులో పేరుకున్న పాయింట్లతో కొన్న టికెట్లవి. ఈ సంగతి తెలిశాక మా వీధిలో అమెరికా పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట... ‘మనవాడి కార్డులోనూ పాయింట్లున్నాయి కదా, విమానం కంపెనీకి పంపించెయ్యమంటే పోలా?’ అని. సరిగ్గా అక్కడే చాలామంది దెబ్బతింటారు. పంపడం క్షణంలో పని. వెనక్కి తెచ్చుకోవడమే ఉండదు.

ఎలా పనిచేస్తుందంటే...

అమెరికాలో కొన్ని కార్డుల పాయింట్లను ఆ బ్యాంకుతో ఒప్పందమున్న విమాన సంస్థల మైలేజీ ఖాతాల్లోకి మార్చుకోవచ్చు. మాస్టారి అబ్బాయి దగ్గరున్నది చేజ్ బ్యాంకు వారి సఫైర్ కార్డు. అందులో రెండు లక్షల పధ్నాలుగు వేల పాయింట్లున్నాయి. కార్డు తీసుకున్నప్పుడు వచ్చిన బోనస్, మూడేళ్ల ఇంటి ఖర్చులు కలిపి అంత అయ్యాయి. వాటిని నగదుగా మార్చుకుంటే పాయింటుకు ఒక సెంటు చొప్పున 2,140 డాలర్లు వస్తాయి. అదే ఎయిర్ కెనడా వారి ‘ఏరోప్లాన్’ పథకంలోకి మారిస్తే పాయింటుకు పాయింటు. వెయ్యి చొప్పున ఎన్ని వేలైనా పంపొచ్చు.

మాస్టారికి మొదట ఇదే అర్థం కాలేదు. ‘వాళ్లు కెనడా వాళ్లు కదరా, హైదరాబాదు నుంచి వాళ్ల విమానమెక్కడిది?’ అని అడిగారు. నిజమే. కానీ ఎయిర్ కెనడా, లుఫ్తాన్సా, యునైటెడ్, ఎయిరిండియా, ఇంకా చాలా సంస్థలు కలిసి స్టార్ అలయన్స్ అనే కూటమి. ఒక సంస్థ పాయింట్లతో కూటమిలోని మరో సంస్థ విమానంలో సీటు తీసుకోవచ్చు. లుఫ్తాన్సా 2024 జనవరిలో హైదరాబాదు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు విమానం మొదలుపెట్టింది. అక్కడ ఒక్కసారి మారితే న్యూజెర్సీలోని నెవార్క్. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు మార్పులు ఎంత తక్కువైతే అంత మేలు.

మరి లుఫ్తాన్సా సొంత పథకంలోకే పాయింట్లు పంపొచ్చు కదా? అసలు చేజ్ ఆ పథకంతో ఒప్పందం పెట్టుకోలేదు. పైగా పాయింట్లు తీసుకున్నాక కూడా ‘ఇంధన సర్‌చార్జీ’ పేరుతో వందల డాలర్లు గుంజే పథకాలు కొన్నున్నాయి, లుఫ్తాన్సాది అందులో ఒకటి. ఏరోప్లాన్ ఆ సర్‌చార్జీ వేయదు. విమానాశ్రయ పన్నులు, భాగస్వామి సంస్థ టికెట్టుకు తలకు 39 కెనడా డాలర్ల రుసుము... అంతే. ఒకే విమానం, ఒకే సీటు, ఏ కిటికీలోంచి కొంటామన్న దాన్ని బట్టి ధర మారిపోతుందన్నమాట.

మైళ్ల లెక్కలో మెలిక

ఏరోప్లాన్‌లో ఎన్ని పాయింట్లు కావాలన్నది ప్రయాణించే మైళ్లను బట్టి ఉంటుంది. మారే చోట్లతో సహా అన్ని విమానాల దూరాలూ కూడతారు. 2024లో ఉన్న పట్టిక ప్రకారం మన దేశం నుంచి ఉత్తర అమెరికాకు ఆరు వేల నుంచి ఎనిమిది వేల మైళ్ల లోపైతే బిజినెస్ క్లాసుకు ఒకవైపు 85 వేల పాయింట్లు. ఎనిమిది వేలు దాటితే లక్ష. హైదరాబాదు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ సుమారు 4,400 మైళ్లు, అక్కడి నుంచి నెవార్క్ 3,870 దాకా. మొత్తం 8,270కి పైనే. అంటే తలకో లక్ష! ఢిల్లీలో ఎక్కితే మొత్తం 7,700 లోపే కాబట్టి 85 వేలతో సరిపోతుంది.

అబ్బాయి కాస్త ఆశపడ్డాడు. ఇద్దరికీ కలిపి ముప్ఫై వేల పాయింట్లు మిగులుతాయి కదా, హైదరాబాదు నుంచి ఢిల్లీకి విడిగా టికెట్ కొనేద్దామని. తల్లి ఒప్పుకోలేదు. ఆవిడ మాటే సరైనది. విడివిడి టికెట్లయితే ఢిల్లీలో పెట్టెలు తీసుకుని మళ్లీ ఇవ్వాల్సి రావచ్చు. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఎవరికీ బాధ్యత ఉండదు. అరవై దాటినవాళ్లను అర్ధరాత్రి ఢిల్లీ విమానాశ్రయంలో నిలబెట్టి మిగుల్చుకునే ముప్ఫై వేలు ఏం చేసుకుంటాం?

2025లో ఏరోప్లాన్ తన పట్టికను సవరించింది. కాబట్టి పై అంకెలు లెక్క తెలియడానికే. ఎవరైనా ఇవాళ చూసుకోవాల్సింది ఇవాళ్టి పట్టికనే.

ఖాళీ సీటు వేరు, అవార్డు సీటు వేరు

బిజినెస్ క్లాసులో ఇరవై సీట్లు ఖాళీగా కనిపించినా పాయింట్లకు ఒక్కటీ ఇవ్వకపోవచ్చు. డబ్బుకు అమ్ముడుపోవని అనుకున్న సీట్లనే విమాన సంస్థ పాయింట్ల వాళ్లకు విడుదల చేస్తుంది. అందులోనూ భాగస్వామి సంస్థలకు ఇచ్చేది కొంతే. అవి ఎక్కువగా దొరికేది రెండు సమయాల్లో. ఒకటి, ప్రయాణానికి దాదాపు పదకొండు నెలల ముందు, టికెట్లు తెరిచిన కొత్తలో. రెండు, ఆఖరి రెండు వారాల్లో. సంక్రాంతికో, వేసవి సెలవులకో పట్టుబడితే మాత్రం నిరాశే. మాస్టారికి తేదీల పట్టింపు లేదు కాబట్టి, అబ్బాయి మార్చిలో కూర్చుని అక్టోబరు నెలంతా రోజువారీగా వెతికాడు. ఏరోప్లాన్ ఖాతా ఉచితం. అందులో పాయింట్లు సున్నా ఉన్నా సీట్లు వెతకొచ్చు.

చాలా రోజులకు ఒక్క సీటే కనిపించింది. ఒక మంగళవారం రెండు కనిపించాయి, పైన ‘బిజినెస్’ అని కూడా ఉంది. ఎగిరి గంతేయబోయి వివరాలు తెరిచాడు. ఫ్రాంక్‌ఫర్ట్ దాకా ఎకానమీ, అక్కడి నుంచే బిజినెస్! రెండు విమానాల్లో ఒకటి బిజినెస్ అయినా మొత్తాన్ని బిజినెస్ కింద, బిజినెస్ ధరకే చూపిస్తారు. పక్కనే ప్రయాణంలో ఎంత శాతం బిజినెస్సో చిన్నగా రాస్తారు. వంద శాతం లేకపోతే ఏ ముక్క ఎకానమీయో విప్పి చూడాల్సిందే. నాలుగో రోజు రాత్రి అసలైనవి దొరికాయి. రెండు సీట్లు, రెండు విమానాల్లోనూ బిజినెస్.

అప్పుడైనా వెంటనే పాయింట్లు పంపలేదు. తెరమీద కనిపించే సీటు కొన్నిసార్లు ఉత్తదే. ఎప్పుడో అయిపోయినా జాబితాలోంచి తొలగదు. కొనబోతే తప్పు చూపిస్తుంది. అందుకని అదే తేదీ, అదే విమానం యునైటెడ్ వారి సైట్లో కూడా పాయింట్లకు ఉందా అని చూశాడు. రెండుచోట్లా కనబడితే నమ్మొచ్చు. తర్వాత ఏరోప్లాన్‌లో ప్రయాణికుల పేర్లిచ్చే పేజీ దాకా వెళ్లి చూశాడు. అదీ తెరుచుకుంది.

ఈ జాగ్రత్త అతనికి ఊరికే రాలేదు. అతని సహోద్యోగి ఒకాయన, ముప్ఫై శాతం బోనస్ ఇస్తున్నారని చూసి, సీటు వెతక్కుండానే ఉన్న పాయింట్లన్నీ ఓ విమాన సంస్థకు పంపేశాడు. తల్లిదండ్రులు రావాల్సిన రెండు నెలల్లో ఒక్క సీటూ దొరకలేదు. ఈలోగా ఆ సంస్థ టికెట్టుకు కావాల్సిన పాయింట్లు పెంచింది. బోనస్ అందులోనే పోయింది. బ్యాంకును అడిగితే ‘పంపినవి వెనక్కి తీసుకోలేం’ అన్నారు. వాటికి గడువు కూడా ఉంది!

పేరు దగ్గర తంటా

మన తెలుగువాళ్లకు ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. అదే ఇంటిపేరు. అబ్బాయి బ్యాంకు ఖాతాలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది, ఏరోప్లాన్‌లో పాస్‌పోర్టులో ఉన్నట్టు పూర్తిగా రాశాడు. రెండు ఖాతాల్లో పేరు కలవకపోతే పంపడం ఆగిపోవచ్చు, లేదా తనిఖీ పేరుతో రోజులు పట్టొచ్చు. ఈలోగా సీటు ఎవరో ఎగరేసుకుపోతారు. అతను ముందే గమనించి బ్యాంకులో సరిచేయించాడు.

పాయింట్లు ఉన్నవాళ్ల పేరే టికెట్టు మీద ఉండాలని లేదు. పాయింట్లు కొడుకు ఖాతా నుంచి అతని ఏరోప్లాన్ ఖాతాకే వెళ్లాలి. అక్కడి నుంచి అమ్మానాన్నల పేర్లతో టికెట్ తీయొచ్చు. ఆ పేర్లు మాత్రం పాస్‌పోర్టులో ఉన్నట్టు అక్షరం పొల్లుపోకుండా ఉండాలి.

రెండు లక్షలు పంపాడు. నిమిషంలోపే ఏరోప్లాన్‌లో కనిపించాయి. పదిహేను నిమిషాల్లో టికెట్లు చేతికొచ్చాయి. బుకింగ్ నంబరు వచ్చినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. 014తో మొదలయ్యే పదమూడు అంకెల టికెట్ నంబరు ఉందా లేదా చూసుకోవాలి. అది ఎయిర్ కెనడా టికెట్ కోడు. అది లేకపోతే టికెట్ ఇంకా జారీ కానట్టే. ఆ తర్వాత లుఫ్తాన్సా దగ్గర ఉండే విడి బుకింగ్ నంబరు కూడా కనుక్కోవాలి. సీట్లు ఎంచుకోవడానికి, అమ్మగారికి వీల్‌చైర్ చెప్పడానికి పనికొచ్చేది అదే. వీల్‌చైర్‌కు డబ్బులు తీసుకోరు.

మనసు మారితే? బుక్ చేసిన 24 గంటల్లోపు రుసుము లేకుండా రద్దు చేసుకోవచ్చు. తర్వాతైతే రుసుముంటుంది. ఎప్పుడు రద్దు చేసినా పాయింట్లు ఏరోప్లాన్‌కే వస్తాయి, కార్డుకు కాదు.

లాభమా, నష్టమా?

‘బిజినెస్ క్లాసు టికెట్ ధర లక్షల్లో, మనకు ఫ్రీగా వచ్చింది’ అని లెక్కలు వేయడం ఇష్టముండదు నాకు. ఆ లక్షలు పెట్టి ఆ ఇంట్లో ఎవరూ కొనేవాళ్లు కాదు. అడగాల్సిన ప్రశ్న వేరు. రెండు లక్షల పాయింట్లంటే నగదులో రెండు వేల డాలర్లు. ఎకానమీ టికెట్లకయ్యే డబ్బు అందులోంచి తీసేస్తే మిగిలేదే కాళ్లు చాపుకున్నందుకు ఇచ్చిన ధర. ఆ తల్లి మోకాళ్లకు అది తగినదే. పాతికేళ్ల కుర్రాడికైతే నేను వద్దనే చెబుతాను. కార్డు బాకీ ప్రతినెలా పూర్తిగా కట్టకుండా వడ్డీ కడుతూ పాయింట్లు పోగేసే వాళ్లకైతే అసలే వద్దు. ఆ వడ్డీ ముందు పాయింట్ల విలువ ఏ మూలకూ రాదు.

మన దేశంలోని కొన్ని కార్డుల పాయింట్లను కూడా ఇలాగే మార్చుకోవచ్చు. అయితే అన్నిచోట్లా ఒకటికి ఒకటి ఇవ్వరు. రెండు పాయింట్లకు ఒక మైలు లెక్కన ఇచ్చేవీ ఉన్నాయి. పంపినవి చేరడానికి కొన్నిసార్లు రోజులు పడుతుంది. అలాంటప్పుడు ఆఖరి నిమిషంలో దొరికిన సీటు అంతసేపు నిలుస్తుందన్న భరోసా లేదు.

మాస్టారు వాళ్లు తిరిగొచ్చింది 2025 ఫిబ్రవరిలో. ఆ వైపు రెండు సీట్ల కోసం ఎంత వెతికినా దొరకలేదు. బయల్దేరడానికి పన్నెండు రోజుల ముందు ఒకటి కనిపించింది. కొడుకు దగ్గర మిగిలినవి పధ్నాలుగు వేలే. కోడలి అమెక్స్ కార్డులో లక్షకు పైగా ఉన్నాయి. ఆ కార్డు పాయింట్లూ ఏరోప్లాన్‌కు ఒకటికి ఒకటి వెళ్తాయి. ఆ అమ్మాయి తన పేరున ఖాతా తెరిచి, లక్ష పంపి, అత్తగారికి టికెట్ తీసింది.

అదే విమానంలో మాస్టారు వెనకాల ఎకానమీలో, నడిమి సీట్లో కూర్చుని వచ్చారు.