చిప్పు మీద 64, లెక్కలో 8

డిజిటల్ ఎలక్ట్రానిక్స్ ల్యాబులో పిల్లల చేతికి వచ్చే మెమరీ చిప్పుల్లో 6264 ఒకటి. నల్లటి ఒళ్ళు, 28 కాళ్ళు. పేరు చివర 64 ఉంది కదా అని దాన్ని 64 కిలోబైట్ల మెమరీ అనుకునేవాళ్ళు చాలామంది. డేటాషీటు తెరిస్తే మాత్రం 8K × 8 అని కనిపిస్తుంది. పరీక్షలో రాయవలసిన జవాబు 8 కిలోబైట్లు. మరి ఆ 64 అబద్ధమా? కాదు, అదీ నిజమే. కాకపోతే అది బైట్ల లెక్క కాదు, బిట్ల లెక్క.

మనలో చాలామందిమి సాఫ్ట్‌వేరు ఉద్యోగాల్లో పడి గిగాబైట్ల కంటే కిందకి చూడటం మానేశాం. ఇంటికొచ్చిన మేనల్లుడో, కాలేజీలో చేరిన అమ్మాయో ఈ లెక్క అడిగితే "ఎనిమిదితో భాగించు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. ఆ జవాబు తప్పు కాదు. కానీ ఎందుకు భాగించాలో, భాగించకపోతే బోర్డు మీద ఏం జరుగుతుందో చెప్పకపోతే పిల్లలకి అది గుర్తుండదు.

ముందు చిప్పునే అడుగుదాం. 6264 కి 13 అడ్రస్ కాళ్ళు, 8 డేటా కాళ్ళు ఉన్నాయి. ఒక్కొక్క అడ్రస్ కాలు మీద 0 గాని 1 గాని ఉండొచ్చు. అంటే కాలు ఒకటి పెరిగినప్పుడల్లా గదుల సంఖ్య రెట్టింపు అవుతుంది. మన పాత కొలతల్లో రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అయినట్లే. ఒక కాలుతో రెండు గదులు, రెండు కాళ్ళతో నాలుగు, పది కాళ్ళతో 1,024, పదమూడు కాళ్ళతో 8,192. ఒక్కొక్క గదిలో 8 బిట్లు పడతాయని డేటా కాళ్ళు చెబుతున్నాయి. ఇక లెక్క ఇలా నడుస్తుంది:

```
8192 × 8    = 65536 bits
65536 ÷ 8   = 8192 bytes
8192 ÷ 1024 = 8 KB
```

మొదటి వరుసలో ఎనిమిదితో గుణించి, రెండో వరుసలో అదే ఎనిమిదితో భాగించడం చూస్తే వృథా శ్రమలా ఉంటుంది. నిజానికి ఆ రెండు ఎనిమిదులూ ఒకటి కావు. మొదటిది ఈ చిప్పు వెడల్పు, అంటే ఒక్క అడ్రసు ఇస్తే ఒకేసారి బయటికి వచ్చే బిట్ల సంఖ్య. రెండోది బైటు నిర్వచనం. 6264 విషయంలో రెండూ సమానం అయ్యాయి కనక తేడా తెలియదు.

తేడా తెలియాలంటే 4164 అనే చిప్పుని చూడాలి. ఇది 1980లలో ఇంటి కంప్యూటర్లలో విరివిగా వాడిన డైనమిక్ ర్యామ్. దీని పేరు చివర కూడా 64 ఉంది. ఇందులోనూ 65,536 బిట్లే ఉన్నాయి. కానీ ఇది 65,536 గదులు, గదికి ఒక్క బిట్టు చొప్పున కట్టిన ఇల్లు. ఒక అడ్రసు ఇస్తే ఒక్క బిట్టే వస్తుంది. బైటు కావాలంటే ఇలాంటివి ఎనిమిది పక్కపక్కన పెట్టి, అన్నిటికీ ఒకే అడ్రసు ఇచ్చి, ఒక్కొక్కదాని నుంచి ఒక్కొక్క బిట్టు తీసుకోవాలి. 1982లో వచ్చిన కమొడోర్ 64 లో చేసింది సరిగ్గా ఇదే. ఎనిమిది 4164 చిప్పులు కలిస్తే 64 కిలోబైట్లు. ఆ కంప్యూటరు పేరులోని 64 కిలోబైట్లది, దాని లోపలి చిప్పు పేరులోని 64 కిలోబిట్లది!

చిప్పుల తయారీదారులు బిట్లలోనే ఎందుకు లెక్క చెబుతారో ఇక్కడ అర్థమవుతుంది. సిలికాన్ మీద వాళ్ళు నిజంగా కట్టేది బిట్టు గదులనే. వాటిని ఒక్కొక్కటిగా బయటికి పంపాలా, నాలుగేసి పంపాలా, ఎనిమిదేసి పంపాలా అన్నది ఆ తరవాతి ఏర్పాటు. అందుకే 6116 లో 16 కిలోబిట్లు, 62256 లో 256 కిలోబిట్లు. ఆ రెండూ ఎనిమిది బిట్ల వెడల్పువే కనక 2 కిలోబైట్లు, 32 కిలోబైట్లు అని ఎనిమిదితో భాగించి చెప్పేయొచ్చు.

ఒక హెచ్చరిక. అడ్రస్ కాళ్ళు లెక్కపెట్టి గదుల సంఖ్య చెప్పే పద్ధతి 6264 వంటి స్టాటిక్ ర్యాములకి సరిపోతుంది. 4164 కి ఉన్న అడ్రస్ కాళ్ళు ఎనిమిదే. వాటి మీద ముందు అడ్డు వరుస నంబరు, తరవాత నిలువు వరుస నంబరు రెండు విడతలుగా పంపుతారు. కనక 256 గదులు అనుకోకూడదు. 256 వరుసల్లో 256 చొప్పున 65,536 గదులు.

ఇక 1,024 సంగతి. కిలో అంటే వెయ్యి కదా అని 8,192 ని వెయ్యితో భాగిస్తే 8.192 వస్తుంది. మెమరీ చిప్పు లెక్కలో దశాంశ బిందువు తర్వాత ఇలా తోక కనిపించిందంటే, వెయ్యితో భాగించామని అనుమానించాలి. అడ్రస్ కాళ్ళతో వచ్చేవన్నీ రెట్టింపులే కనక వెయ్యి గదుల చిప్పు సహజంగా పుట్టదు. దానికి దగ్గరలో ఉన్న 1,024 కే కిలో అని పేరు పెట్టుకున్నారు. ఈ గందరగోళం పోగొట్టడానికి 1998లో అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1,024 కి కిబి అని వేరే పేరు పెట్టింది. మెమరీ చిప్పుల వాళ్ళు మాత్రం ఇప్పటికీ కిలోతోనే కాలక్షేపం చేస్తున్నారు. ఒక సుళువు ఉంది: కిలోబిట్లలోని కిలో, కిలోబైట్లలోని కిలో రెండూ 1,024 అయినప్పుడు దాన్ని ముట్టుకోనక్కర్లేదు. 64 ని 8 తో భాగిస్తే చాలు. రాతలో మాత్రం చిన్న b అంటే బిట్టు, పెద్ద B అంటే బైటు. పరీక్ష పేపరు మీద ఆ ఒక్క అక్షరం ఎనిమిది రెట్లు తేడా తెస్తుంది.

పేపరు మీద తప్పితే మార్కులు పోతాయి. బోర్డు మీద తప్పితే ఏమవుతుందన్నది ఇంకా చిత్రంగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ తప్పు వెంటనే కనిపించదు.

ఒక విద్యార్థి 8085 ప్రాసెసరుతో చిన్న బోర్డు కట్టుకున్నాడనుకుందాం. 8085 కి 16 అడ్రస్ లైన్లు, కనక అది చూడగలిగింది 65,536 బైట్లు, అంటే 64 కిలోబైట్లు. కింది సగంలో ప్రోగ్రాము ఉండే ఈప్రామ్ పెట్టాడు. పై సగం, అంటే 8000H నుంచి FFFFH దాకా, ర్యామ్ కోసం వదిలి, అక్కడ ఒక 6264 పెట్టాడు. పేరులో 64 ఉంది కనక ఆ 32 కిలోబైట్ల జాగా మొత్తం నిండిపోతుందని వాడి ధీమా. అన్నిటికన్నా పై లైను, అంటే ఎ15, 1 అయినప్పుడు ర్యామ్ పలికేలా కలిపాడు. ఎ0 నుంచి ఎ12 దాకా 13 లైన్లు చిప్పుకి వెళ్ళాయి. మిగిలిన ఎ13, ఎ14 లను చిప్పు మీద కలపడానికి కాళ్ళు లేవు. సరేలే అని వదిలేశాడు.

తరవాత ర్యామ్‌ని పరీక్షించాడు. ప్రతి అడ్రసులోనూ ఒక అంకె రాసి, వెంటనే చదివి, రెండూ ఒకటేనా అని పోల్చే ప్రోగ్రాము అది. 32,768 అడ్రసులూ పాసయ్యాయి! చిప్పులో ఉన్నవి 8,192 గదులే అయినా ఇలా ఎందుకు జరిగింది? ఎ13, ఎ14 ఎలా మారినా చిప్పుకి తెలియదు కనక 8000H, A000H, C000H, E000H అనే నాలుగు అడ్రసులూ ఒకే గదికి వెళతాయి. ఒకే ఇంటికి నాలుగు డోర్ నంబర్లు. ఏ నంబరు మీద ఉత్తరం వేసినా అదే ఇంటికి చేరుతుంది, అక్కడి నుంచే తిరిగి వస్తుంది. రాసిన వెంటనే చదివే పరీక్ష ఈ మోసాన్ని ఎప్పటికీ పట్టుకోలేదు.

అసలు ప్రోగ్రాము నడిపినప్పుడు తెలుస్తుంది. 8000H నుంచి 80FFH దాకా 256 బైట్ల పట్టిక పెట్టుకుని, స్టాక్ పాయింటరుని A100H దగ్గర ఉంచాడనుకోండి. మొదటి CALL రాగానే తిరుగు అడ్రసు A0FFH, A0FEH లలో పడాలి. నిజంగా పడేది 80FFH, 80FEH ల గదుల్లో, అంటే పట్టిక చివరి రెండు బైట్ల మీద. పట్టిక మొదలు బాగానే ఉంటుంది, తోక పాడవుతుంది. ఒక సబ్‌రొటీను లోంచి ఇంకోదాన్ని పిలిచిన కొద్దీ పాడైన భాగం వెనక్కి పాకుతుంది. ఒక్కోసారి పట్టికలో రాసిన అంకే తిరుగు అడ్రసుని చెరిపేసి, RET ఎక్కడికో దూకుతుంది. పాపం ఆ కుర్రవాడు ప్రోగ్రాములో తప్పు కోసం రాత్రంతా వెతుకుతాడు.

దీన్ని పట్టుకోవడానికి ఆరు వరుసలు చాలు, చివర ఆపడానికి ఒకటి. ఒక చోట రాసి, వేరే చోట ఇంకో అంకె రాసి, ఆ తరవాత మొదటి చోటుని చదవాలి:

```
LXI H,8000H
MVI M,55H
LXI H,0A000H
MVI M,0AAH
LXI H,8000H
MOV A,M
HLT
```

చివర అక్యుములేటరులో 55H ఉంటే A000H లో రాసింది 8000H ని తాకలేదన్నమాట. AAH ఉంటే ఆ రెండు అడ్రసులూ ఒకే గది. ర్యామ్ అసలు పరిమాణం తెలుసుకోవాలన్నా ఇదే పద్ధతి: 8000H లో 55H పెట్టి, 8001H, 8002H, 8004H, 8008H అని దూరాన్ని రెట్టింపు చేస్తూ పోతూ, ప్రతిసారీ AAH రాసి 8000H ని చూడాలి. అది మొదటిసారి ఏ దూరం దగ్గర మారిందో అదే చిప్పులోని గదుల సంఖ్య. 6264 కి అది A000H దగ్గర మారుతుంది. దూరం 2000H, అంటే 8,192.

మందు కూడా ఇదే లెక్కలోంచి వస్తుంది. 64 కిలోబైట్లని 8 కిలోబైట్ల ముక్కలు చేస్తే ఎనిమిది ముక్కలు. ఎనిమిదింటిలో ఒకదాన్ని ఎంచుకోవడానికి మూడు బిట్లు కావాలి, చిప్పుకి చేరకుండా మిగిలిన లైన్లు కూడా మూడే: ఎ13, ఎ14, ఎ15. వాటిని 74138 అనే డీకోడరుకి ఇస్తే ఎనిమిది అవుట్‌పుట్లు వస్తాయి. 8000H లో ఆ మూడు లైన్లూ పైనుంచి కిందికి 1, 0, 0 కనక, సున్నా నుంచి లెక్కపెడితే నాలుగో అవుట్‌పుట్టు. దాన్ని ర్యామ్ చిప్ సెలెక్ట్ కాలుకి కలిపితే 6264 ఇక 8000H నుంచి 9FFFH దాకా మాత్రమే పలుకుతుంది. స్టాక్ పాయింటరుని కూడా A000H కి దించాలి. 8085 ముందు ఒకటి తగ్గించి తరవాత రాస్తుంది కనక మొదటి బైటు 9FFFH లో, అంటే చిప్పులోని ఆఖరి గదిలో పడుతుంది. పైన మిగిలిన మూడు ముక్కలు, 24 కిలోబైట్లు, ఇప్పుడు నిజంగానే ఖాళీ. ఇంకో మూడు 6264 లు కొనుక్కుని ఐదు, ఆరు, ఏడు అవుట్‌పుట్లకి కలుపుకోవచ్చు.