అద్దాన్ని ఆనుకున్న చోట వెలుగు ముద్ర పడదు

వెండి పూసిన అద్దం మీద నిలువుగా ఒకే రంగు వెలుగు పడుతోందనుకుందాం. ఆ అద్దాన్ని పూర్తిగా ఆనించి చాలా పలుచని ఫొటో పొరను పెడితే దాని మీద నలుపు పడదు. ఇంత వెలుగు వచ్చి పడుతూ, అంతా తిరిగి వెళ్తూ ఉన్న చోట పొర ఖాళీగా మిగులుతుంది. కాస్త ఎడంగా జరిపితే మాత్రం గట్టిగా నల్లబడుతుంది. 1890లో స్ట్రాస్‌బర్గ్‌లో ఒట్టో వీనర్ అనే భౌతిక శాస్త్రవేత్త ఈ సంగతిని ప్రయోగం చేసి చూపించారు. వెలుగులో అసలు పనిచేసేది ఏది అన్న ప్రశ్నకు కూడా దానితోనే జవాబు దొరికింది.

కారణం లోహంలో ఉంది. వెలుగు అంటే విద్యుత్ క్షేత్రం, అయస్కాంత క్షేత్రం కలిసి సాగే తరంగం. లోహంలో ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా కదులుతాయి. పరిపూర్ణ వాహకమైతే ఆ కదలికకు ఏ అడ్డూ ఉండదు. దాని ఉపరితలం వెంబడి ఏ కొద్దిపాటి విద్యుత్ క్షేత్రం తలెత్తినా ఎలక్ట్రాన్లు వెంటనే కదిలి దాన్ని రద్దు చేసేస్తాయి. కాబట్టి ఉపరితలం మీద, ఆ తలానికి సమాంతరంగా ఉండే విద్యుత్ క్షేత్రం ఎప్పుడూ సున్నాయే. ఇలా రద్దు చేయడానికి అటూ ఇటూ ఊగే ఎలక్ట్రాన్లు తామే ఒక తరంగాన్ని పుట్టిస్తాయి. మనం ప్రతిబింబం అని చూసేది ఆ తరంగాన్నే. వచ్చే తరంగం విద్యుత్ క్షేత్రం పైకి ఉన్న క్షణంలో, తిరిగి వెళ్లే తరంగానిది అదే ఉపరితలం మీద కిందికి ఉంటుంది. గుంజకు కట్టిన తాడును ఒక చేత్తో ఊపితే, ముడి దగ్గర తాడు కదలక, అల తలకిందులై వెనక్కి వస్తుంది కదా, ఇదీ అలాంటిదే.

అద్దం ముందు ఈ రెండు తరంగాలు కలుస్తాయి. ఒకటి వస్తోంది, ఒకటి పోతోంది, బలం సమానం. ఫలితంగా వచ్చే అమరిక ఎటూ ప్రయాణించదు, ఉన్నచోటే ఊగుతుంది. దీన్ని స్థిర తరంగం అంటారు. విద్యుత్ క్షేత్రం ఎప్పటికీ సున్నాగా ఉండే తలాలు అస్పందన స్థానాలు. మొదటిది అద్దపు ఉపరితలమే. అక్కడి నుంచి సగం తరంగదైర్ఘ్యం దూరంలో రెండోది, పూర్తి తరంగదైర్ఘ్యం దగ్గర మూడోది, తర్వాత ఒకటిన్నర దగ్గర నాలుగోది, ఇలా వరుసగా వస్తాయి. రెండు అస్పందన స్థానాలకు నట్టనడుమ క్షేత్రం అత్యధికంగా ఊగుతుంది. అక్కడ రెండు తరంగాలు ఒకే దిశలో కూడతాయి కాబట్టి క్షేత్రం రెట్టింపవుతుంది. తీవ్రత క్షేత్రపు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక అది ఒక్క కిరణానిదానికి నాలుగు రెట్లు.

అయస్కాంత క్షేత్రం తీరు దీనికి తిరగబడి ఉంటుంది. ప్రతిబింబించేటప్పుడు అది తలకిందులు కాదు. అందువల్ల అద్దం దగ్గర రెట్టింపై, విద్యుత్ క్షేత్రం అత్యధికంగా ఉన్న చోట సున్నా అవుతుంది. ఈ తేడాను గుర్తుంచుకోవాలి, వీనర్ ప్రయోగం అంతా దీని మీదే నిలబడింది.

అంతకు రెండేళ్ల ముందే, 1888లో, కార్ల్స్రూలో హైన్రిష్ హెర్ట్జ్ గోడకు పెద్ద జింకు రేకు బిగించి, దాని ముందు విద్యుదయస్కాంత తరంగాల అస్పందన స్థానాలను వెతికి పట్టుకున్నారు. ఆయన తరంగాలు మీటర్ల పొడవున్నవి. అస్పందన స్థానాల మధ్య దూరాన్ని గదిలో నడిచి కొలవవచ్చు. వెలుగుతో అది కుదరదు. 400 నానోమీటర్ల ఊదా వెలుగు తీసుకుంటే రెండు అస్పందన స్థానాల మధ్య దూరం 200 నానోమీటర్లే, అంటే మిల్లీమీటరులో అయిదు వేలవ వంతు. మామూలు ఫొటో పొర మందంలో ఇలాంటి తలాలు పదుల కొద్దీ పడతాయి. నలుపూ తెలుపూ కలగలిసిపోయి ఏమీ కనబడదు.

వీనర్ రెండు పనులు చేశారు. మొదటిది, సిల్వర్ క్లోరైడ్ కలిపిన కొలోడియన్‌తో సుమారు 20 నానోమీటర్ల పలుచని పొరను గాజు పలక మీద తయారు చేశారు. రెండోది ఇంకా తెలివైనది. ఆ పొరను అద్దానికి సమాంతరంగా కాకుండా, అతి కొద్దిగా ఏటవాలుగా ఉంచారు. అప్పుడు పొర ఒక్కో అస్పందన తలాన్నీ ఒక్కో గీతగా కోసుకుంటూ పోతుంది. ఒక లెక్క చూద్దాం. పొర ఒక మిల్లీమీటరు పొడవున 200 నానోమీటర్లు పైకి లేచేలా వాలి ఉందనుకోండి. మీటరు పొడవుకు 0.2 మిల్లీమీటర్ల వాలు అన్నమాట. 200 నానోమీటర్లకు ఒక అస్పందన తలం వస్తుంది కాబట్టి, పొర మీద సరిగ్గా మిల్లీమీటరుకు ఒక ఖాళీ చార పడుతుంది. కంటికి అందనిది అయిదు వేల రెట్లు సాగి కంటికి అందుతుంది. వాలు తగ్గిస్తే చారలు ఇంకా దూరం జరుగుతాయి. డెవలప్ చేసిన పలక మీద నల్ల చారలు, వాటి మధ్య ఖాళీలు వరుసగా కనబడ్డాయి.

అయితే ఈ చారలు స్థిర తరంగం ఉందని మాత్రమే చెబుతాయి. పొరను నల్లబరిచింది విద్యుత్ క్షేత్రమా, అయస్కాంత క్షేత్రమా అన్నది చెప్పవు, ఎందుకంటే రెండింటి చారల ఎడమూ ఒకటే. తేల్చాలంటే మొదటి చార ఎక్కడ మొదలవుతుందో చూడాలి. అయస్కాంత క్షేత్రమే కారణమైతే అద్దాన్ని ఆనుకున్న చోట గట్టి నలుపు ఉండాలి. అక్కడ ఖాళీయే కనబడింది. నల్లబరిచింది విద్యుత్ క్షేత్రమే.

ఆయన అంతటితో ఆగలేదు. ధ్రువిత వెలుగును 45 డిగ్రీల కోణంలో అద్దం మీద పడేలా చేశారు. విద్యుత్ క్షేత్రం అద్దపు తలానికి సమాంతరంగా ఊగినప్పుడు చారలు వచ్చాయి. వచ్చే, పోయే కిరణాలున్న తలంలోనే ఊగినప్పుడు చారలు మాయమయ్యాయి. ఎందుకంటే 45 డిగ్రీల దగ్గర ఆ రెండు కిరణాల విద్యుత్ క్షేత్రాలు ఒకదానికొకటి లంబంగా ఉంటాయి. లంబంగా ఉన్నవి ఒకదాన్నొకటి రద్దు చేయలేవు. ఈ రెండో పరీక్ష నాకు మొదటిదానికంటే ఎక్కువ నచ్చుతుంది. ఎక్కడ నుంచి కొలవాలన్న సందేహానికి ఇందులో తావే లేదు, చారలు ఉంటాయి లేదా ఉండవు.

వెండి పరిపూర్ణ వాహకం కాదన్న మాట నిజమే. పడిన వెలుగులో 90 శాతం తిరిగి వస్తుందనుకుంటే, తిరుగు క్షేత్రం వచ్చినదానిలో 0.95 వంతు ఉంటుంది. అస్పందన స్థానంలో 0.05 వంతు క్షేత్రం మిగులుతుంది. దాని వర్గం 0.0025 మాత్రమే, అదే ప్రస్పందన స్థానంలో తీవ్రత 3.8. ఖాళీ చార ఖాళీగానే కనబడుతుంది. వెలుగు లోహంలోకి రవంత చొచ్చుకుపోతుంది కాబట్టి మొదటి అస్పందన స్థానం కూడా సరిగ్గా ఉపరితలం మీద కాక, కొన్ని పదుల నానోమీటర్లు లోపలికి జరిగినట్టు ఉంటుంది. అసలు ఇబ్బంది రంగులతో వస్తుంది. తెల్లని వెలుగులో ఒక్కో రంగుకు ఒక్కో ఎడం. అద్దం దగ్గర అన్ని రంగుల అస్పందన స్థానాలూ ఒకటిగానే మొదలవుతాయి గానీ, దూరం వెళ్లేకొద్దీ ఒకదాని ఖాళీలో మరొకదాని నలుపు పడి చారలు చెరిగిపోతాయి.

1891లో గాబ్రియేల్ లిప్‌మన్ ఈ రంగుల తేడానే పనికి పెట్టుకున్నారు. రేణువులు కంటికి కనబడనంత సన్నగా ఉన్న ఫొటో పొర వెనుక పాదరసం పోసి, దాన్నే అద్దంగా వాడారు. ఏ రంగు వెలుగు పడితే ఆ రంగు తరంగదైర్ఘ్యంలో సగం ఎడంతో పొర లోపలే వెండి తలాలు ఏర్పడ్డాయి. తర్వాత తెల్లని వెలుగు వేస్తే, ఆ ఎడానికి సరిపోయే రంగే బలంగా తిరిగి వస్తుంది. రంగు పదార్థం చుక్క కూడా లేని రంగుల ఫొటో ఇది. దీనికి ఆయనకు 1908లో నోబెల్ వచ్చింది. ఆ ఫొటో మీద నోటితో ఆవిరి ఊదితే పొర తేమకు ఉబ్బుతుంది, తలాల మధ్య ఎడం పెరుగుతుంది, బొమ్మలోని రంగులు ఎరుపు వైపు జరుగుతాయి. ఆరాక మళ్లీ మొదటి రంగులకు వస్తాయి.