శుభలేఖను ఎత్తిరాయాలంటే

పెళ్లి శుభలేఖను కంప్యూటర్లోకి ఎక్కించేవారు ముందు చదివే వరుస తేల్చుకోవాలి. చాలా కార్డుల పై అంచున శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు అని ఉంటుంది. లతలు, కలశాల మధ్య చెదిరినా మూడూ ఒకే పంక్తి. బొమ్మ ఉన్నచోట [గణపతి చిత్రం] అని రాస్తే చాలు.

‘చి.ల.సౌ.’ను విడమరచకుండా అలాగే ఉంచాలి.

అసలు చిక్కు ముహూర్తం దగ్గరే. తెలుగు వైపు ‘17వ తేదీ గురువారం రాత్రి 2-14 గంటలకు, తెల్లవారితే శుక్రవారం’ అంటారు; ఇంగ్లిష్ వైపు 18, శుక్రవారం అని ఉండొచ్చు. పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది, క్యాలెండర్లో అర్ధరాత్రికే. రెండూ సరైనవే కాబట్టి ఒకదాన్ని చూసి మరొకదాన్ని దిద్దకూడదు.

వంకీల అంకెల్లో 17 కాస్తా 11లా కనిపిస్తే, ఆ నెలలో గురువారం ఏ తేదీన పడిందో చూస్తే తేలిపోతుంది.