వాచ్‌లో 490 క్యాలరీలు అని చూపిస్తే నిజంగా కరిగింది ఎంత?

మొన్న డిసెంబర్‌లో పొద్దున్నే పరుగెత్తడం మొదలుపెట్టాను. రోజూ ఒకటే రూట్, 5 కిలోమీటర్లు, నా స్లో స్పీడ్‌కి సరిగ్గా 40 నిమిషాలు. పరుగు ఆపగానే చేతికున్న స్మార్ట్‌వాచ్ 490 క్యాలరీలు అని చూపించేది. అంత కరిగించాక తినకపోతే ఎలా? టిఫిన్ సెంటర్‌లో మామూలు ఇడ్లీకి తోడు ఒక నెయ్యి కారం దోశ, ఒక టీ అదనం. లెక్క సరిపోయిందిలే అనుకున్నా. వారానికి ఐదు రోజులు ఇదే కథ. రెండు నెలల తర్వాత బరువు చూసుకుంటే 70 కిలోల మనిషిని 71 అయ్యాను.

ముందు వాచ్ పాడైందనుకున్నా. మెడ దగ్గర నాడి పట్టుకుని 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించా. హార్ట్ రేట్ సరిగ్గానే చూపిస్తోంది. అంటే సెన్సార్‌ది తప్పు కాదు. మరి తేడా ఎక్కడొచ్చింది?

వాచ్ క్యాలరీలను కొలవదు

వాచ్ అడుగున మెరిసే ఆకుపచ్చ లైట్ చర్మం కింద రక్త ప్రవాహంలో మార్పుని పట్టుకుని గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్కపెడుతుంది. కొలత అక్కడితో అయిపోయింది. ఆ తర్వాతదంతా ఊహే.

నిజంగా కొలవాలంటే ల్యాబ్‌లో ముఖానికి మాస్క్ పెట్టి, శరీరం ఎంత ఆక్సిజన్ వాడుకుందో చూస్తారు. ఒక లీటర్ ఆక్సిజన్ వాడితే సుమారు 5 క్యాలరీలు ఖర్చయినట్టు. పరుగులో ఆక్సిజన్ అవసరం పెరిగితే గుండె వేగం కూడా పెరుగుతుంది కాబట్టి, వాచ్ గుండె వేగాన్ని చూసి ఆక్సిజన్‌ని, దాన్నిబట్టి క్యాలరీలని అంచనా వేస్తుంది.

కంపెనీలు తమ ఫార్ములాలు పూర్తిగా బయటపెట్టవు. కానీ 2005లో ప్రచురితమైన ఒక ఫార్ములా ఆన్‌లైన్ క్యాలరీ కాలిక్యులేటర్లలో బాగా కనిపిస్తుంది. మగవాళ్లకి అది ఇలా ఉంటుంది (ఆడవాళ్లకి అంకెలు వేరు):

```
kcal/min = (-55.0969 + 0.6309*HR + 0.1988*W + 0.2017*A) / 4.184
```

ఇందులో HR అంటే నిమిషానికి గుండె కొట్టుకునే వేగం, W అంటే బరువు కిలోల్లో, A అంటే వయసు. నా వయసు 27, బరువు 70, ఆ పరుగులో సగటు హార్ట్ రేట్ 140. లెక్కేస్తే నిమిషానికి 12.57, 40 నిమిషాలకి 503 వస్తుంది. నా వాచ్ చూపించిన 490కి బాగా దగ్గర.

ఇప్పుడు ఇంకో లెక్క చూడండి. పరుగుకి ఎప్పటినుంచో వాడే ఒక మోటు సూత్రం ఉంది: కిలో బరువుకి, కిలోమీటరుకి సుమారు ఒక క్యాలరీ. నా 70 కిలోలు, 5 కిలోమీటర్లకి 350. దీనికి గుండెతో సంబంధమే లేదు. అదే పరుగుకి ఒక లెక్క 503, ఇంకో లెక్క 350!

నా గుండె, ఫార్ములాలో ఉన్న గుండె

పైన చెప్పిన ఫార్ములాని క్రమం తప్పకుండా వ్యాయామం చేసేవాళ్ల మీద ప్రయోగం చేసి తయారుచేశారు. అలాంటివాళ్ల గుండె ఒక్కో దెబ్బకి ఎక్కువ రక్తాన్ని పంపుతుంది. వాళ్లకి 140 వచ్చిందంటే గట్టిగానే పరుగెత్తుతున్నట్టు. నాలాంటి కొత్తవాడికి కాస్త జాగింగ్‌కే 140 దాటేస్తుంది. కష్టపడుతున్నట్టు గుండె చెబుతుంది కానీ, కాళ్లు చేసిన పని అంత లేదు. ఆ తేడా ఫార్ములాకి తెలీదు.

మే నెలలో ఇంకో విషయం బయటపడింది. అదే రూట్, అదే 40 నిమిషాలు, కానీ సగటు హార్ట్ రేట్ 150, వాచ్‌లో 550 క్యాలరీలు. నేనేమీ ఎక్కువ పని చేయలేదు. హైదరాబాద్ ఎండలో ఒంటిని చల్లబరచడానికి చర్మం వైపు ఎక్కువ రక్తం పంపాల్సి వచ్చి గుండె వేగం పెంచింది, అంతే. నీళ్లు సరిగ్గా తాగకపోయినా, నిద్ర చాలకపోయినా ఇదే జరుగుతుంది. చివరి ఓవర్ టెన్షన్‌లో సోఫాలో కూర్చున్నప్పుడు హార్ట్ రేట్ 95 ఉంటే, ఇదే ఫార్ములా గంటకి దాదాపు 350 క్యాలరీలు అంటుంది! అందుకే చాలా వాచ్‌లు చెయ్యి కదలికని కూడా చూసి ఇలాంటివి కొంతవరకు ఆపుతాయి.

మంచి సెన్సార్ ఉంటే ఈ సమస్య పోతుందా? పోదు. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చేతికి పెట్టుకునే ఏడు పరికరాలని పరీక్షించారు. వాటిలో ఆరింటికి హార్ట్ రేట్‌లో తప్పు 5 శాతంలోపే. క్యాలరీల్లో మాత్రం అన్నిటికన్నా మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది, అన్నిటికన్నా వెనకబడింది 93 శాతం. ఆ మోడళ్లు ఇప్పుడు పాతవే. కానీ ఛాతీకి కట్టుకునే స్ట్రాప్ కొన్నా మెరుగయ్యేది హార్ట్ రేట్ ఒక్కటే. గుండె నుంచి క్యాలరీలకి వెళ్లే దారి అదే పాత దారి.

నా కిలో ఎక్కడినుంచి వచ్చింది

350లో ఇంకో మెలిక ఉంది. ఆ 40 నిమిషాలు మంచం మీద పడుకున్నా నా ఒంటికి 45 క్యాలరీల దాకా ఖర్చయ్యేవే. అంటే పరుగు వల్ల అదనంగా కరిగింది సుమారు 300. నేను 490 అనుకుని తిన్నా. రోజుకి 190 ఎక్కువ, వారానికి ఐదు రోజులు, ఎనిమిది వారాలకి 7,600. కిలో కొవ్వుకి 7,700 క్యాలరీలని ఒక స్థూలమైన లెక్క ఉంది. నా కిలో దొరికినట్టే!

ఇప్పుడు నేను ఎలా వాడుతున్నానంటే

ముందు యాప్‌లో బరువు, వయసు సరిచేశా. కొన్న రోజు ఇచ్చిన వివరాలు చాలామంది మళ్లీ ముట్టుకోరు, ఫార్ములా మాత్రం వాటితోనే నడుస్తుంది. తర్వాత మొత్తం క్యాలరీలు కాకుండా యాక్టివ్ క్యాలరీలు చూస్తున్నా, ఎందుకంటే మొత్తంలో ఊరికే కూర్చున్నా ఖర్చయ్యేవి కూడా కలిసి ఉంటాయి.

పోలికకి మాత్రం ఈ అంకె బాగానే పనికొస్తుంది, అదీ నా వాచ్‌లో, నా పరుగుకి, ఒకేలాంటి వాతావరణంలో. నా 490ని ఫ్రెండ్ వాచ్‌లో 380తో పోల్చడంలో అర్థం లేదు. పరుగుని జిమ్‌లో బరువులు ఎత్తడంతో పోల్చినా అంతే. సెట్ అయిపోయాక కూడా గుండె వేగంగానే కొట్టుకుంటుంది, కానీ ఆక్సిజన్ ఖర్చు పరుగులో ఉన్నంత ఉండదు. ఇంకో మాట, కొన్ని నెలలు పోయాక అదే పరుగుకి క్యాలరీలు తగ్గుతూ కనిపిస్తే కంగారు పడొద్దు. దూరం, బరువు మారకపోతే పని మారలేదు, గుండె బలపడింది.

తిండి విషయంలో వాచ్‌ని అడగడం మానేశా. వారంలో మూడు రోజులు పొద్దున్నే బరువు చూసుకుని సగటు రాసుకుంటున్నా. మూడు నాలుగు వారాల సగటు పెరుగుతోందంటే, వాచ్ ఏం చెప్పినా నేను ఎక్కువ తింటున్నట్టే. నెయ్యి కారం దోశ ఇప్పుడు ఆదివారం ఒక్కరోజే.