గ్రానైట్ బంకమట్టిగా, లాటరైట్‌గా ఎలా మారుతుంది?

హైదరాబాద్‌లో ఇంటి పునాదికి గొయ్యి తీస్తే చాలాచోట్ల కొద్ది అడుగుల్లోనే మొరం తగులుతుంది. గునపం దెబ్బకు పలుకులు పలుకులుగా రాలే ఆ మొరం, సగం చివికిన గ్రానైటే. గుప్పెడు తీసి ఎండలో చూస్తే గులాబి రంగు ఫెల్డ్‌స్పార్ ముక్కలు ఇంకా తళుక్కుమంటాయి. అదే కేరళలో మలప్పురం జిల్లా అంగాడిపురం వైపు వెళ్లి తవ్వితే ఫెల్డ్‌స్పార్ జాడే ఉండదు. పైన ఎర్రటి లాటరైట్, దాని కింద మెత్తటి బంకమట్టి. అక్కడి అడుగురాయి గ్రానైట్‌కు దగ్గరి బంధువులైన నైస్, చార్నకైట్ రకాలది. రాళ్లు ఒకే కోవకు చెందినవైనా ఇక్కడ మొరం, అక్కడ బంకమట్టి ఎందుకు?

ముందుగా ఒక అపోహ తొలగాలి. రాయి అరిగి అరిగి బంకమట్టి అవుతుందని చాలామంది అనుకుంటారు. గ్రానైట్‌ను ఎంత మెత్తగా నూరినా వచ్చేది గ్రానైట్ పొడే. బంకమట్టి కొత్తగా పుట్టే ఖనిజం. దాన్ని పుట్టించేది నీరు.

వాన చినుకు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కరిగించుకుని స్వల్పంగా ఆమ్లమవుతుంది. నేలలోకి ఇంకాక ఆ ఆమ్లత ఇంకా పెరుగుతుంది. వేళ్లు వదిలే ఊపిరి, కుళ్లే ఆకులు కలిసి నేలలోని గాలిలో ఆ వాయువును బయటికంటే పదుల రెట్లు పెంచుతాయి. ఈ నీటిలోని హైడ్రోజన్ అయాన్లు ఫెల్డ్‌స్పార్‌లోకి చొరబడి పొటాషియం స్థానాన్ని ఆక్రమిస్తాయి. పొటాషియం నీటితో వెళ్లిపోతుంది. ఖనిజం కట్టు సడలి సిలికాలో అధికభాగం కూడా కరిగిపోతుంది. అల్యూమినియం మాత్రం ఇంత తేలికపాటి ఆమ్లంలో దాదాపు కరగదు. అది మిగిలిన సిలికాతోనూ నీటితోనూ కలిసి పలచని రేకులుగా పేరుకుంటుంది. ఆ రేకులే కేయోలినైట్, మనం చీనామట్టి అనేదానిలోని ముఖ్య ఖనిజం.

లెక్క కట్టి చూద్దాం. 100 కిలోల పొటాషియం ఫెల్డ్‌స్పార్ పూర్తిగా మారితే మిగిలే కేయోలినైట్ సుమారు 46 కిలోలు. పొటాషియం మొత్తం, సిలికాలో మూడింట రెండు వంతులు నీటిపాలు. అయినా రాయి కుంగిపోదు. బరువు తగ్గినా ఆకారం అలాగే నిలుస్తుంది, లోపల సూక్ష్మరంధ్రాలు మిగులుతాయి. అందుకే తవ్విన గోడలో పాత రాతి చారలు, తెల్లని క్వార్ట్జ్ ఈనెలు చెక్కుచెదరకుండా కనిపిస్తాయి, చేత్తో నలిపితే మాత్రం మట్టి. ఆ మట్టిలో వేళ్లకు తగిలే ఇసుక రేణువులు క్వార్ట్జ్‌వి. ఈ నీటికి అది అంత సులువుగా లొంగదు.

వేడి ఈ చర్యలను వేగిరపరుస్తుంది, కానీ వేడి ఒక్కటే చాలదు. కరిగిన సిలికాను నీరు ఎప్పటికప్పుడు తీసుకుపోవాలి. నీరు అక్కడే నిలిచిపోతే సిలికాతో నిండిపోయి చర్య మందగిస్తుంది. మలబారు తీరంలో ఏటా దాదాపు 300 సెంటీమీటర్ల వాన పడుతుంది, హైదరాబాద్‌లో 80కి అటూ ఇటూ. మన మొరం ఇంకా మొరంగానే ఉండడానికి ముఖ్య కారణం ఇదే.

ఇక ఎర్రరంగు సంగతి. గ్రానైట్‌లోని నల్ల అభ్రకం, అంటే బయోటైట్, చివికినప్పుడు ఇనుము బయటపడుతుంది. వానాకాలంలో భూగర్భజలం పైకి లేచి మట్టి రంధ్రాలను నింపుతుంది. గాలి అందని ఆ నీటిలో ఇనుము కరిగి కదులుతుంది. ఎండాకాలంలో నీటిమట్టం దిగగానే గాలి సోకి, ఆ ఇనుము గోతైట్, హెమటైట్‌గా గడ్డకడుతుంది. ఏటేటా ఇలా జరగగా ఇనుము ఒక పొరలో పోగుపడుతుంది, ఆ పొరే లాటరైట్. దాని కింద ఎరుపు, తెలుపు మచ్చల మట్టి, ఇంకా కింద ఇనుము కోల్పోయి పాలిపోయిన బంకమట్టి, అట్టడుగున చెక్కుచెదరని రాయి. ఇదంతా తయారవడానికి వేల ఏళ్లు చాలవు, లక్షల ఏళ్లు పట్టవచ్చు. వాలు ఎక్కువైన చోట తయారైన మట్టి తయారైనట్టే కొట్టుకుపోతుంది గనుక లాటరైట్ ఎక్కువగా చదునైన గుట్టలపైనే నిలుస్తుంది.

ఫ్రాన్సిస్ బుకానన్ 1800లో మలబారులో ఈ రాయిని చూసి, 1807లో అచ్చయిన తన ప్రయాణ గ్రంథంలో దానికి లాటరైట్ అని పేరు పెట్టాడు. నేలలో ఉన్నంతవరకు మెత్తగా ఉండి పనిముట్టుతో ఇటుకల్లా కోయడానికి లొంగుతుందని, గాలి తగిలాక గట్టిపడుతుందని ఆయన గమనించాడు. తడి ఆరేకొద్దీ ఇనుప ఆక్సైడ్లు స్ఫటికాలై రేణువులను బిగించేస్తాయి. మళ్లీ తడిపినా అది మెత్తబడదు. అడవి కొట్టేసి పైమట్టి పోగొట్టుకున్న చోట్ల నేలే ఇలా బిగుసుకుపోయే ప్రమాదం ఉంది.

అయితే గ్రానైట్‌లో ఇనుము తక్కువ, బరువులో రెండు మూడు శాతమే. కాబట్టి మందమైన ఇనుప పొర ఏర్పడాలంటే ఎంతో లోతు రాయి చివకాలి, లేదా పక్క వాలుల నుంచి ఇనుము నీటితో వచ్చి చేరాలి. ఇనుము పుష్కలంగా ఉన్న బసాల్ట్ మీద ఇది తేలిక. జహీరాబాద్ ప్రాంతపు లాటరైట్ అలా బసాల్ట్ మీద ఏర్పడిందే.