ఏడున్నర ఎండను సాయంత్రం దాకా నిలబెట్టేవాళ్లు

ఒక చిన్న సీన్ తీసుకుందాం. కథలో పొద్దున ఏడున్నర. వంటగదిని ఆనుకున్న హాల్లో అమ్మ, కొడుకు ఎదురెదురుగా కూర్చున్నారు. తూర్పు కిటికీలోంచి ఎండ బల్ల మీద పడుతోంది. కొడుకు ఉద్యోగం కోసం ఊరు వదిలి వెళ్తున్నాడు. ఆ మాట చెప్పలేక కాఫీ గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. స్క్రిప్టులో రెండు పేజీలు, తెర మీద సుమారు రెండు నిమిషాలు.

ఈ రెండు నిమిషాలకు ఒక రోజు పడుతుంది. ముందు ఇద్దరూ కనిపించే మాస్టర్ షాట్ తీస్తారు. తర్వాత అమ్మ క్లోజప్, భోజనాలయ్యాక కొడుకు క్లోజప్, చివర్లో గ్లాసు మీద వేళ్లు. షాట్ మారిన ప్రతిసారీ కెమెరా కదలాలి, లైట్లు కదలాలి. తొమ్మిదింటికి మొదలుపెట్టి నాలుగింటికి ముగిస్తే మంచి వేగమే. అంటే అమ్మ అడిగిన ప్రశ్న పదకొండింటికి తీసినది, కొడుకు చెప్పిన జవాబు మూడింటికి తీసినది. తెర మీద మాత్రం ఆ రెండింటి మధ్య ఒక ఊపిరి కూడా ఉండదు. టైటిల్స్‌లో గాఫర్, గ్రిప్, స్క్రిప్ట్ సూపర్‌వైజర్ అని పడే పేర్లు చాలామందికి అర్థం కావు. ఆ ఏడు గంటలూ రెండు నిమిషాలే అని మనల్ని నమ్మించే పనిలో పెద్ద భాగం వాళ్లదే.

గాఫర్ అంటే లైట్ల విభాగానికి పెద్ద. మన దగ్గర చాలాకాలంగా ఈ పని చూస్తున్నది ఛీఫ్ లైట్‌మన్. వెలుగు ఎలా ఉండాలో సినిమాటోగ్రాఫర్ చెబుతారు. దాన్ని ఏ లైటుతో, ఎక్కడి నుంచి, ఎంత కరెంటుతో తేవాలో గాఫర్ తేలుస్తాడు. లొకేషన్ చూడటానికి వెళ్లినప్పుడే ఆయన మొదట కిటికీ ఎటు ఉందో చూస్తాడు. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. ఎనిమిదింటికి బల్ల మీదున్న ఎండ పదికి నేల మీదికి దిగుతుంది, మధ్యాహ్నానికి గదిలోనే ఉండదు.

"సార్, లంచ్ దాటితే ఈ కిటికీకి ఎండ లేదు. నల్లగుడ్డ కట్టేసి బయటి నుంచి మనమే వేసుకుందాం" అంటాడు గాఫర్.

కిటికీ బయట నిజమైన ఎండను నల్లగుడ్డతో ఆపి, దాని చోట హెచ్ఎంఐ లైటు పెడతారు. పగటి వెలుగు రంగుకు దగ్గరగా ఉండే లైటు ఇది. ఉదయపు ఎండ అంతకన్నా కాస్త పసుపు కాబట్టి దాని ముందు పలచని నారింజ రంగు జిలటిన్ పేపరు కడతారు. ఏడున్నరకు సూర్యుడు ఇంకా కిందే ఉంటాడు కాబట్టి స్టాండును మరీ ఎత్తు లేపరు. లైటు నెత్తి మీద నుంచి పడితే చూసేవాళ్లకు కారణం తెలియకపోయినా, అది పొద్దుటి పూటలా అనిపించదు.

ఇక్కడో ప్రశ్న వస్తుంది. చిన్న గదికి చిన్న లైటు కిటికీ పక్కనే పెడితే సరిపోదా? సరిపోదు. లైటు నుంచి దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. లైటు కిటికీకి 6 అడుగుల దూరంలో ఉందనుకోండి. కిటికీ దగ్గర నిలబడ్డ అమ్మ 6 అడుగులు లోపలికి నడిస్తే, ఆమె మీద వెలుగు నాలుగో వంతే మిగులుతుంది. అదే లైటును 24 అడుగుల దూరానికి తీసుకెళ్తే, అదే నడకకు మూడో వంతుకు కాస్త ఎక్కువ తగ్గుతుంది, అంతే. అసలు సూర్యుడైతే కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు, నాలుగడుగులు వేస్తే ఏమీ మారదు. ఎండలా కనిపించాలంటే లైటు దూరంగా ఉండాలి, దూరంగా ఉండాలంటే పెద్దదై ఉండాలి. షూటింగ్ చూడటానికి వెళ్లినవాళ్లు చిన్న గదికి ఇంత లైటెందుకని ఆశ్చర్యపోయేది ఇందుకే.

పెద్ద లైటు అనగానే కరెంటు లెక్క మొదలవుతుంది. 4,000 వాట్లను 230 వోల్టులతో భాగిస్తే 17 ఆంపియర్లు దాటుతుంది. ఇంట్లో గీజరుకు వాడే పెద్ద ప్లగ్గు తట్టుకునేది 16. పైగా అలాంటి పాత ఇంటి గోడలోని తీగ ఎప్పటిదో ఎవరికీ తెలియదు. ప్లగ్గు వేడెక్కడం, ప్లాస్టిక్ కాలిన వాసన రావడం ప్రమాదానికి ముందు వచ్చే గుర్తులు. అందుకే వీధి చివర జనరేటర్ వ్యాను నిలుపుతారు, దాని చప్పుడు గదిలోకి రానంత దూరంలో. అక్కడి నుంచి కేబుళ్లు లాగి, ఏ లైటు ఏ లైనులో ఉందో రాసుకుంటారు. గాఫర్ ప్రతిభ వెలుగులో కనిపిస్తుంది. ఆయన బాధ్యత మాత్రం ఆ కేబుళ్లలో ఉంటుంది. తడి నేల మీద ఒక అతుకు ఊడి ఉంటే ప్రాణం పోతుంది.

వెలుగు వచ్చింది. ఇప్పుడు దాన్ని అక్కర్లేని చోట ఆపాలి. అమెరికాలో ఇది గ్రిప్‌ల పని. కరెంటు తీగ ఉన్నవన్నీ గాఫర్ మనుషులు చూస్తే, తీగ లేని స్టాండ్లు, నల్లగుడ్డలు, తెల్లటి తెరలు, ట్రాలీ గ్రిప్‌లు చూస్తారు. బ్రిటన్‌లో గ్రిప్ అంటే కెమెరాను మోసే, కదిలించే సామగ్రి చూసే మనిషి మాత్రమే. నల్లగుడ్డలు కూడా లైట్లవాళ్లవే. మన పద్ధతి దీనికే దగ్గర. కట్టర్, స్కిమ్మర్, థర్మాకోల్ లైట్ బాయ్స్ పట్టుకుంటారు, ట్రాలీకి, క్రేనుకు వేరే మనుషులు ఉంటారు.

కట్టర్ అంటే ఫ్రేముకు బిగించిన నల్లగుడ్డ. మన సీన్లో ఎండ బల్ల మీద పడాలి, వెనకున్న తెల్లగోడ మీద పడకూడదు. గోడ మెరిస్తే చూపు అమ్మ ముఖం వదిలి అటే పోతుంది. కట్టర్‌ను గోడకు దగ్గరగా పెడితే నీడ అంచు కత్తితో కోసినట్టు వస్తుంది. లైటుకు దగ్గరగా జరిపితే అంచు మెత్తబడి, అక్కడ ఒక అడ్డం ఉందనే అనుమానం రాదు. చేయి తిరిగిన మనిషి కట్టర్‌ను అటూ ఇటూ జరుపుతూ గోడ వైపే చూస్తుంటాడు, కట్టర్ వైపు చూడడు.

దాన్ని మోసే మూడు కాళ్ల స్టాండుకు ఒక కాలు మిగతావాటి కన్నా ఎత్తుగా ఉంటుంది. బరువు మోసే చేయి ఆ కాలి మీదుగానే వెళ్లాలి, ఇసుక సంచి ఆ కాలి మీదే వేయాలి. చేయి బిగించే మర కుడి పక్కన ఉండేలా పెడతారు. అప్పుడు బరువు కిందికి లాగినకొద్దీ మర ఇంకా బిగుస్తుంది. ఎడమ పక్కన పెడితే అదే బరువు మరను వదులు చేస్తుంది, కట్టర్ మెల్లగా వాలి నటుల మీద పడుతుంది. ఇలాంటి పట్టింపులు చాదస్తంలా కనిపించవచ్చు. 2020 ఫిబ్రవరి 19 రాత్రి చెన్నై దగ్గర 'ఇండియన్ 2' సెట్లో భారీ లైట్లు మోస్తున్న క్రేన్ కూలి ముగ్గురు సిబ్బంది చనిపోయారు. నెత్తి మీద బరువు వేలాడే చోట చాదస్తమే పనితనం.

అమ్మ ముఖం మీదికి కెమెరా నెమ్మదిగా దగ్గరవ్వాలంటే ట్రాక్ వేస్తారు. పాత ఇళ్ల నేల సమంగా ఉండదు. పట్టాల కింద చెక్క ముక్కలు దూర్చి లెవెల్ చూస్తారు. ఖాళీ ట్రాలీని పట్టాల మీద వదిలినప్పుడు అది తనంతట తాను జరిగితే లెవెల్ ఇంకా కుదరలేదన్నమాట. ఆ తర్వాత తోయడం. కొడుకు "రేపే వెళ్లాలమ్మా" అన్నాక అమ్మ తలెత్తే వరకు ఆగి, అప్పుడు కదలాలి. ముందే కదిలితే ఆ మాట వినకముందే కెమెరాకు తెలిసిపోయినట్టుంటుంది. ట్రాలీ తోసేవాడు కూడా డైలాగు వింటాడు. అతను వినకుండా తోసిన షాట్ తెర మీద తెలిసిపోతుంది.

ఇదంతా జరుగుతున్నంతసేపూ మానిటర్ పక్కన ఒకరు కదలకుండా కూర్చుంటారు. చేతిలో స్టాప్‌వాచ్, ఒళ్లో స్క్రిప్టు. స్క్రిప్ట్ సూపర్‌వైజర్. ఈ పనిని మనవాళ్లు కంటిన్యుటీ అంటారు.

ఉదయం అమ్మ క్లోజప్‌లో ఆమె "ఎప్పుడు?" అంటూ గ్లాసు కింద పెట్టింది. మధ్యాహ్నం కొడుకు ముఖం తీస్తున్నప్పుడు ఫ్రేము అంచున అమ్మ భుజం, చేయి కనిపిస్తాయి. ఈసారి ఆమె గ్లాసు పట్టుకునే "ఎప్పుడు?" అంది. రెండు షాట్లూ విడివిడిగా బాగున్నాయి. ఎడిటింగ్ టేబుల్ మీద కలిపితే, బల్ల మీదున్న గ్లాసు ఉన్నట్టుండి చేతిలోకి వస్తుంది. ఆ మాట దగ్గర కట్ చేసే వీలు ఎడిటర్‌కు పోయింది. అందుకే టేక్ అయ్యాక, అందరూ వినేలా కాకుండా, దగ్గరికి వెళ్లి చెప్పాలి: "మేడమ్, పొద్దున 'ఎప్పుడు' దగ్గర గ్లాసు కింద పెట్టారు. కుడి చేత్తో." కాఫీ ఎంత మిగిలింది, కొంగు ఏ భుజం మీద ఎలా ఉంది అన్నవి ఫొటోల్లో దొరుకుతాయి. ఏ అక్షరం దగ్గర చేయి కదిలిందో ఫొటోలో ఉండదు. అది చూసి రాసుకున్న మనిషికే తెలుస్తుంది.

చూపుల లెక్క కూడా వీళ్లదే. అమ్మకూ కొడుకుకూ మధ్య ఒక గీత ఉందనుకుని, కెమెరా ఆ గీతకు ఒకే పక్కన ఉండాలి. అప్పుడు అమ్మ కెమెరాకు కుడివైపు, కొడుకు ఎడమవైపు చూస్తారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటున్నట్టుంటుంది. భోజనాల తర్వాత కెమెరా పొరపాటున గీత దాటితే ఇద్దరూ ఒకే వైపు చూస్తారు, గదిలో మూడో మనిషి ఎవరో ఉన్నట్టు అనిపిస్తుంది.

వీళ్ల స్క్రిప్టు పేజీ చూడదగ్గది. ఒక్కో షాట్‌కు పై నుంచి కిందికి ఒక్కో నిలువు గీత గీస్తారు. మాట్లాడే మనిషి కనిపిస్తుంటే తిన్నని గీత, గొంతు వినిపిస్తూ మనిషి కనిపించకపోతే వంకర గీత. మూడున్నరకు ఆ పేజీ చూస్తే "రేపే వెళ్లాలమ్మా" మీద మాస్టర్ షాట్ గీత ఒక్కటే తిన్నగా ఉంది. కొడుకు క్లోజప్ అంతకు ఒక లైను ముందే ఆగిపోయింది. సీనుకు ప్రాణమైన మాట దగ్గర ముఖమే లేదు. అప్పుడే చెబితే పది నిమిషాల పని. ఎడిటింగ్‌లో తెలిస్తే అదే ఇల్లు, అదే చొక్కా, అదే గడ్డం మళ్లీ తేవాలి.

అన్ని తేడాలూ చెప్పడం కూడా నేర్పు కాదు. నటన పండిన టేకులో కాఫీ అర అంగుళం తక్కువుంటే వదిలేయాలి. ఏ తేడా చూసేవాళ్ల కంట పడుతుందో, ఏది పడదో తెలియడానికి ఎడిటింగ్ తెలిసి ఉండాలి.

మన సెట్లలో చాలాచోట్ల ఈ పనిని అందరికన్నా కొత్తగా చేరిన అసిస్టెంట్ డైరెక్టర్‌కు అప్పగిస్తారు. క్లాప్ కొట్టేది, నటుల్ని క్యారవాన్ నుంచి పిలుచుకొచ్చేది, డైలాగు పేపర్లు అందించేది కూడా అతనే. క్యారవాన్ దగ్గరికి పరిగెత్తుతున్న కుర్రాడు గ్లాసు ఏ మాట దగ్గర కింద పెట్టారో చూడలేడు. అది అతని తప్పు కాదు. చిన్న సినిమా అయినా సరే, నిర్మాతలు ఈ ఒక్క పనికి విడిగా ఒక మనిషిని, కూర్చోవడానికి మానిటర్ పక్కన ఒక కుర్చీని ఇవ్వాలి.