తాళం పోయిందండీ... ఏ తాళం?

తెలుగులో ఒక చిక్కుంది. తలుపుకు వేసేదీ తాళమే, జేబులో పెట్టుకునేదీ తాళమే. పుస్తకాల్లో తాళంకప్ప, తాళంచెవి అని విడివిడిగా రాస్తారుగానీ ఇంట్లో అంత ఓపిక ఎవరికుంటుంది? అందుకే పై వాటాలో అద్దెకుంటున్న అమ్మాయి "అంకుల్, తాళం పోయింది" అని మెసేజ్ పెడితే, కింద వాటాలో ఓనర్‌గారికి తలుపు పగలగొట్టి ఎవరో లోపలికి వెళ్ళినట్టే వినిపిస్తుంది. ఆయన ఆదుర్దాగా మెట్లెక్కి వచ్చేసరికి అమ్మాయి హాయిగా గుమ్మం దగ్గర నిలబడి ఉంటుంది. ఆ తర్వాత ఖర్చు మాట ఎత్తితే ఎలా సాగుతుందో ఊహించుకోవచ్చు.

హైదరాబాద్ విద్యానగర్‌లో ఒక రెండంతస్తుల ఇల్లు అనుకుందాం. అమ్మాయి ఆఫీసు నుంచి వస్తూ బస్సులోనో, దిగాకో తాళంచెవుల గుత్తి పారేసుకుంది. రూమ్మేట్ దగ్గర ఇంకో చెవి ఉంది కాబట్టి లోపలికైతే వెళ్ళింది. ఆమె రాయాల్సిన మెసేజ్ ఇలా ఉంటే సగం గొడవ అక్కడే ఆగిపోతుంది:

"అంకుల్, నమస్తే. ఈ సాయంత్రం నా తాళంచెవుల గుత్తి బస్సు దగ్గర ఎక్కడో పడిపోయింది. అందులో మెయిన్ డోర్‌ది ఒకటి, కింద గేటుది ఒకటి ఉన్నాయి. చిరునామా రాసిన ట్యాగ్ లేదు. రెండో చెవి మా దగ్గర ఉంది, తలుపు బాగానే పడుతోంది. అయినా మెయిన్ డోర్ లాక్ మార్పిస్తే మంచిదనిపిస్తోంది. మీరు సరేనంటే రేపు మనిషిని పిలిపిస్తాను. ఖర్చు విషయం కూడా ముందే అనుకుందాం అంకుల్."

ఏవి పోయాయి, ఎక్కడ పోయాయి, దొరికినవాడికి ఇల్లు తెలిసే వీలుందా, తలుపు ఇప్పుడు ఏ స్థితిలో ఉంది. ఓనర్ అడిగే నాలుగు ప్రశ్నలకూ జవాబు అందులోనే ఉంది. మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఊరి బయట చెరువులో పడిపోయిన చెవికి లాక్ మార్చనక్కర్లేదు, మూలమీద కూర్చునే ఆయన దగ్గర డూప్లికేట్ చేయించుకుంటే చాలు. ఆధార్ కార్డున్న పర్సుతోపాటు పోయినా, ఇంటి సందులోనే పడిపోయినా ఆ రాత్రే లోపలి గడియ వేసుకుని పడుకుని, మర్నాడు మార్పించాలి. మిగతా చెవిని ఫోటో తీసి అపార్ట్‌మెంట్ గ్రూపులో "ఇలాంటిది ఎవరికైనా దొరికిందా" అని పెట్టేవాళ్ళూ ఉన్నారు. ఫోటోలోని పళ్ళను చూసి చెవి కోయగలిగేవాళ్ళుంటారు. ఆ పని చేయకండి.

లాక్ మార్చడమంటే మొత్తం పీకేయడమే అనుకుంటారు చాలామంది. అసలు డబ్బు మిగిలేది ఇక్కడే. ఈమధ్య కట్టిన ఇళ్ళలో మెయిన్ డోర్‌కు ఎక్కువగా తలుపు మందంలోకి దిగి ఉండే మోర్టీస్ లాక్ ఉంటోంది. చెవి దూరేది దాని మధ్యలో ఉన్న సిలిండర్‌లోకి. పైన గుండ్రంగా, కింద తోకలా ఉండే ఆ సిలిండర్ ఒక్కటే మారిస్తే పాత చెవి ఇక పనికిరాదు. హ్యాండిలూ, పెట్టే అలాగే ఉంటాయి. మీ తలుపుది అదేనా అని తెలుసుకోవాలంటే తలుపు తెరిచి దాని అంచు చూడండి. నిలువు లోహపు పట్టీ మీద, చెవి రంధ్రం ఎత్తులో విడిగా ఒక స్క్రూ కనిపిస్తే అదే సిలిండర్‌ను పట్టి ఉంచేది. ఆ స్క్రూ పూర్తిగా తీసి, చెవి పెట్టి కొంచెం తిప్పితే లోపలి నాలుక సిలిండర్‌తో సమానంగా వస్తుంది, అప్పుడు బయటికి జారుతుంది. అందుకే మిగిలిన ఒక్క చెవి విలువైనది. అదీ లేకపోతే డ్రిల్లింగ్ దాకా వెళ్ళవచ్చు, కూలి పెరుగుతుంది.

పాత సిలిండర్‌ను దుకాణానికి పట్టుకెళ్ళాలి. తలుపు మందాన్ని బట్టి పొడవు మారుతుంది, పైగా స్క్రూ రంధ్రం నుంచి రెండు వైపులా పొడవు సమానంగా ఉండకపోవచ్చు. బయటికి పొడుచుకొచ్చేంత పొడవుది బిగిస్తే పట్టకారుతో పట్టుకుని విరిచేందుకు దొంగకు పిడి ఇచ్చినట్టే. బిగించాక తలుపు తెరిచే ఉంచి, రెండు వైపుల నుంచీ ప్రతి చెవినీ తిప్పి చూశాకే మూయాలి. మూశాక తెలిసిన లోపానికి మళ్ళీ మనిషిని పిలవాలి.

ఇక డబ్బు. మన కథలో సిలిండర్ 850 రూపాయలు, బిగించిన కూలి 300 అనుకుందాం. మొత్తం 1,150. చెవి పారేసింది అద్దెకున్న అమ్మాయి కాబట్టి ఇది ఆమెదే, ఇందులో పెద్దగా వాదన లేదు. కానీ ఓనర్‌గారు వచ్చి చూసి, "హ్యాండిల్ కూడా వదులైపోయిందమ్మా, ఎలాగూ విప్పుతున్నారు, కొత్త సెట్టే వేయిద్దాం" అన్నారు. సెట్టు 2,600, కూలి 500, అంటే 3,100. ఇప్పుడు సగం సగం అనుకోవడం సులువే గానీ సరికాదు. పోయిన చెవి వల్ల జరిగిన నష్టం 1,150 మాత్రమే. హ్యాండిల్ అరగడం ఏళ్ళ వాడకం. కాబట్టి అమ్మాయి 1,150 ఇచ్చి, మిగతా 1,950 ఓనర్ భరించడం న్యాయం. ముందు అమ్మాయే మొత్తం కట్టి బిల్లు ఫోటో పంపి, "వచ్చే నెల అద్దెలో 1,950 తగ్గించి వేయనా అంకుల్?" అని అడిగి, ఆయన సరే అన్న మెసేజ్ దాచుకుంటే చాలు. అడగకుండా తగ్గించి వేస్తే అది అద్దె బాకీగా లెక్కకు వస్తుంది.

కేంద్రం 2021లో రాష్ట్రాలకు నమూనాగా ఇచ్చిన మోడల్ టెనెన్సీ యాక్ట్‌లో మరమ్మతుల పంపకం జాబితా ఒకటుంది. తలుపుల తాళాలు, పిడులు మార్చడాన్ని అది అద్దెకున్నవారి వైపే వేసింది. రాష్ట్రం చట్టంగా చేసుకుంటే తప్ప అది నేరుగా వర్తించదు. ఒప్పందంలో వేరేగా రాసుకునే వీలు కూడా అందులోనే ఉంది. అయినా కాగితం మీద ఏమీ లేనప్పుడు ఓనర్లు చూపించేది ఇలాంటి లెక్కే. అందుకే హ్యాండిల్ వదులైన సంగతి ఇంట్లో దిగిన వారంలోనే మెసేజ్ పెట్టి ఉంటే అమ్మాయి మాటకు బలం ఇంకా ఎక్కువ.

నన్నడిగితే, ఖర్చు పంచుకోమని అడగడానికి అసలైన కారణం వేరే ఉంది. ఇల్లు ఇచ్చినప్పుడు ఎన్ని చెవులిచ్చారు? లాక్‌తో మూడు వచ్చి, చేతికి రెండే అందాయనుకోండి, మూడోది పాత అద్దెవాళ్ళ దగ్గరో, వాళ్ళ పనిమనిషి దగ్గరో ఉండి ఉండవచ్చు. అంటే అమ్మాయి పారేయకముందే ఆ తలుపు పూర్తిగా ఆమెది కాదు. "అంకుల్, మూడోది మీ దగ్గర ఉందా?" అని మెత్తగా అడగండి. లేదంటే సిలిండర్ ఖర్చులో సగం ఓనర్ వేసుకోవడానికి అది చాలిన కారణం.

గేటు చెవి సంగతి మరచిపోతారు. నిజానికి బిల్లు పెరిగేది దానితోనే. గేటు తాళంకప్ప మారిస్తే ఇంట్లో ఉన్న నాలుగు కుటుంబాలకూ తలో చెవి, పాలబ్బాయికి ఒకటి కావాలి. కప్పతో మూడే వస్తే రెండు డూప్లికేట్లు కోయించాలి. ఇది అమ్మాయి సొంతంగా చేయకూడని పని. మార్చాలా వద్దా అన్నది ఓనర్ తేలుస్తారు, మార్చాలంటే ఖర్చు ఆమె ఇస్తుంది.

మెయిన్ డోర్‌కైనా ఓనర్‌కు చెప్పకుండా మార్చి, ఊరెళ్ళిన రోజు పైన పైపు పగిలి నీళ్ళు కారితే తలుపు తీయలేక విరగ్గొట్టే పరిస్థితి వస్తుంది. కొత్త చెవుల్లో ఒకటి ఆయనకిస్తే ఆ ఇబ్బంది ఉండదు, అయితే ముందు చెప్పకుండా లోపలికి రాకూడదన్న మాట కూడా అప్పుడే అనుకోవాలి. ఇచ్చినప్పుడు ఒక్క వాక్యం మెసేజ్ పెట్టండి: "కొత్త సిలిండర్‌కు మూడు చెవులు, ఒకటి మీకు, రెండు మా దగ్గర." పాత సిలిండర్‌ను చెత్తబుట్టలో వేయకుండా దాని చెవితోపాటు ఓనర్‌కే ఇచ్చేయండి. టెర్రస్ గది తలుపుకు అది పనికొస్తుందేమో.